నాస్ పెట్టెలో ఫైళ్లు పెట్టకముందే చేయాల్సిన పనులు

ఇంటిల్లిపాది ఫోన్లలోని ఫొటోలు, పెళ్లి వీడియోలు, పొలం కాగితాల స్కాన్‌లు ఒకేచోట దాచుకోవడానికి కొనే చిన్న పెట్టెను నెట్‌వర్క్ అటాచ్డ్ స్టోరేజ్ అంటారు. వాడుకలో నాస్. లోపల ఒకటో రెండో హార్డ్‌డిస్కులు ఉంటాయి. వెనక నుంచి ఒక కేబుల్ వైఫై రూటర్‌కు వెళ్తుంది. చూడటానికి డిస్కుల డబ్బాలా ఉన్నా అది పూర్తిస్థాయి కంప్యూటర్. అందులో సాధారణంగా లినక్స్ నడుస్తుంది, నెట్‌వర్క్‌లో దానికి సొంత చిరునామా ఉంటుంది, రాత్రింబవళ్లు ఆగకుండా పనిచేస్తుంది. లేనిదల్లా తెర, కీబోర్డు. అందుకే దాన్ని నడిపించడమంతా ఇంట్లోని మరో కంప్యూటర్‌లో, బ్రౌజర్‌లో కనిపించే లాగిన్ పేజీ నుంచే.

మొదటిసారి ఆన్ చేసిన యజమాని ఆ పేజీ దాటాలంటే ఏదో ఒక పేరు, పాస్‌వర్డ్ ముందే ఉండాలి. ఫ్యాక్టరీలోనే ఒక జత పెట్టి పంపడం అలా మొదలైన ఆనవాయితీ. క్యూనాప్ పెట్టెల్లో చాలాకాలం పేరూ admin, పాస్‌వర్డూ admin. సైనాలజీ పాత పెట్టెల్లో admin అనే పేరుకు పాస్‌వర్డ్ ఖాళీ. పాత కంప్యూటర్‌ను నాస్‌గా మార్చే ఓపెన్‌మీడియావాల్ట్‌లో admin, openmediavault. రాస్‌బెర్రీ పై బోర్డు మీద ఇంటి సర్వర్ కట్టుకున్నవారికి pi, raspberry. ఇవేవీ రహస్యాలు కావు. ఆయా కంపెనీల మాన్యువల్స్‌లోనే అచ్చయి ఉంటాయి, ఎవరైనా చదువుకోవచ్చు.

ఈ పద్ధతి కొంత మారింది. 2022 ఏప్రిల్‌లో రాస్‌బెర్రీ పై వారు pi అనే తయారు ఖాతాను తీసేశారు. ఇప్పుడు మొదటి సెటప్‌లోనే సొంత పేరు, పాస్‌వర్డ్ అడుగుతుంది. సైనాలజీ కొత్త సాఫ్ట్‌వేర్ కూడా యజమాని పేరుతో వేరే అడ్మినిస్ట్రేటర్ ఖాతా తెరిపించి, పాత admin ఖాతాను నిద్రలో ఉంచుతుంది. క్యూనాప్ admin పాస్‌వర్డ్‌ను మార్చి, పెట్టె మీది మ్యాక్ అడ్రస్‌ను పాస్‌వర్డ్‌గా పెట్టింది. ప్రతి పెట్టెకూ మ్యాక్ అడ్రస్ వేరు కాబట్టి ఇది పాతదాని కంటే మెరుగే. కాకపోతే అదే వైఫైలో ఉన్న ఏ పరికరమైనా ఆ అడ్రస్‌ను చూడగలదు. ఇంటికొచ్చిన చుట్టం ఫోన్‌లో చెడ్డ యాప్ ఉంటే దానికీ కనిపిస్తుంది. దాన్ని తొలి గంటకు మాత్రమే పనికొచ్చే పాస్‌వర్డ్‌గా చూడాలి.

తెలిసిన జతలతో ఎంత పని జరుగుతుందో 2016లో మిరాయ్ చూపించింది. ఆ ప్రోగ్రాం ఇంటర్నెట్‌లో చిరునామాల వెంట తిరుగుతూ, టెల్‌నెట్ తెరిచి ఉన్న ప్రతిచోటా 60కి పైగా ఫ్యాక్టరీ జతలను ప్రయత్నించేది. సీసీ కెమెరాలు, వాటి రికార్డర్లు, రూటర్లు లక్షల్లో దానికి చిక్కాయి. వాటన్నిటితో 2016 అక్టోబర్ 21న డిన్ అనే కంపెనీ సర్వర్ల మీద దాడి చేస్తే ట్విటర్, నెట్‌ఫ్లిక్స్ లాంటివి అమెరికాలో కొన్ని గంటలు చాలామందికి అందలేదు. అక్కడ ఏ కెమెరా యజమానినీ ఎవరూ ఎంచుకుని కొట్టలేదు. “మా ఇంట్లో ఏముందని, మా జోలికెవరొస్తారు” అన్న ధీమా ఇక్కడ పనిచేయకపోవడానికి కారణమిదే. వెతికేది మనిషి కాదు, ప్రోగ్రాం. దానికి గుంటూరు ఇల్లూ న్యూయార్క్ ఆఫీసూ ఒకే వరుసలోని అంకెలు.

పాస్‌వర్డ్ ఆపగలిగేది, ఆపలేనిది

పాస్‌వర్డ్ మార్చితే ఊహించి లోపలికొచ్చేవారు ఆగుతారు. 2021 ఆగస్టులో సైనాలజీ తన వినియోగదారులను హెచ్చరించిన స్టెల్త్‌వర్కర్ దాడి ఈ కోవదే. సాఫ్ట్‌వేర్‌లో ఏ లోపాన్నీ వాడుకోకుండా, అప్పటికే చిక్కిన పరికరాలతో అడ్మినిస్ట్రేటర్ పేర్లకు సులువైన పాస్‌వర్డ్‌లు ఒకదాని తర్వాత ఒకటి ప్రయత్నించారు. గట్టి పాస్‌వర్డ్ ఉన్న పెట్టెలకు దానివల్ల జరిగిందేమీ లేదు.

అదే ఏడాది జరిగిన మరో రెండు ఘటనలు వేరు. ఏప్రిల్‌లో క్యూలాకర్ అనే ప్రోగ్రాం క్యూనాప్ పెట్టెల్లోని ఫైళ్లను 7జిప్‌తో కట్టగట్టి, తాళం వేసి, విప్పడానికి 0.01 బిట్‌కాయిన్ అడిగింది. అది లోపలికొచ్చిన దారి కంపెనీ ఇచ్చిన బ్యాకప్ యాప్‌లో అనుమతి తనిఖీ చేసే చోట ఉన్న లోపం. యజమాని పాస్‌వర్డ్ ఎంత గట్టిదైనా దానితో నిమిత్తం లేదు. జూన్‌లో వెస్టర్న్ డిజిటల్ వారి మై బుక్ లైవ్ పెట్టెలు ప్రపంచమంతటా ఉన్నట్టుండి ఖాళీ అయ్యాయి. 2015 తర్వాత వాటికి అప్‌డేట్‌లు లేవు. పెట్టెను ఫ్యాక్టరీ స్థితికి తెచ్చే ఆదేశం పాస్‌వర్డ్ అడగాల్సి ఉండగా, ఆ అడిగే వరుసలు కోడ్‌లో పనిచేయకుండా ఆపేసి ఉన్నాయి. ఇంటర్నెట్ నుంచి ఆ ఆదేశం పంపగలిగిన ఎవరికైనా పెట్టె లొంగింది.

ఈ రెండు ఘటనల్లో గట్టెక్కినవారిలో పెట్టెను ఇంటర్నెట్‌కు నేరుగా చూపించనివారు ఉన్నారు. అందువల్ల తొలి సెటప్‌లో పాస్‌వర్డ్ మార్చడం, బయటి దారులు మూయడం ఒకే పనిలోని రెండు సగాలు. ఒకదాన్ని చేసి రెండోదాన్ని వదిలేస్తే సగమే అయినట్టు.

రూటర్‌తో మొదలు

ఒక ఉదాహరణ తీసుకుందాం. గుంటూరులో తల్లిదండ్రులు, డాలస్‌లో కొడుకు. పాత ఆల్బమ్‌ల స్కాన్‌లు, మనవడి వీడియోలు దాచడానికి రెండు డిస్కుల సైనాలజీ పెట్టె కొన్నారు. ఇంట్లో బ్రాడ్‌బ్యాండ్ కంపెనీ ఇచ్చిన రూటర్ ఉంది, దాని చిరునామా 192.168.1.1.

పెట్టెకు కరెంటు ఇచ్చేముందు ఆ రూటర్‌ను చూడాలి. ఇంటికీ ఇంటర్నెట్‌కూ నడుమ ఉన్నది అదే కాబట్టి. కనెక్షన్ పెట్టడానికి వచ్చినవారు రూటర్ అడ్మిన్ పాస్‌వర్డ్‌ను స్టిక్కర్ మీద ఉన్నట్టే వదిలేసి వెళ్లడం మామూలు. వైఫై పాస్‌వర్డ్ వేరు, ఈ అడ్మిన్ పాస్‌వర్డ్ వేరు. చాలామంది మొదటిది మార్చి, రెండోది మార్చామనుకుంటారు. బ్రౌజర్‌లో 192.168.1.1 తెరిచి ముందు దాన్ని మార్చాలి.

అదే చోట UPnP అనే అమరిక వెతికి ఆపేయాలి. చాలా రూటర్లలో ఇది ముందే ఆన్ అయి ఉంటుంది. ఇంట్లోని ఏ పరికరమైనా “బయటి నుంచి ఫలానా పోర్ట్‌కు వచ్చేవారిని నా దగ్గరికి పంపు” అని రూటర్‌ను అడిగితే, ఏ పాస్‌వర్డూ అడగకుండా రూటర్ సరేననడం దీని పని. గేమ్ కన్సోళ్లు, టొరెంట్ యాప్‌లు దీన్ని వాడుకుంటాయి. నాస్ కూడా వాడుకోగలదు. యజమానికి తెలియకుండా లాగిన్ పేజీ ప్రపంచానికి తెరుచుకునే దారుల్లో ఇది ముఖ్యమైనది. 2022 జనవరిలో డెడ్‌బోల్ట్ అనే ప్రోగ్రాం క్యూనాప్ పెట్టెల ఫైళ్లకు తాళం వేసి, లాగిన్ పేజీ స్థానంలోనే 0.03 బిట్‌కాయిన్ అడిగే ప్రకటన పెట్టినప్పుడు, కంపెనీ వినియోగదారులకు వెంటనే చెప్పింది ఈ రెండే: రూటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ తీసేయండి, నాస్‌లో UPnP ఆపేయండి. UPnP ఆపితే ఏదైనా గేమ్ కన్సోల్ నెట్‌వర్క్ గురించి ఫిర్యాదు చేయవచ్చు. నాస్ ఉన్న ఇంట్లో ఆ ఇబ్బందిని భరించడమే మేలు.

పోర్ట్ ఫార్వర్డింగ్ పేజీని కూడా ఒకసారి తెరిచి చూడాలి. ఎప్పుడో సీసీ కెమెరాల కోసం వచ్చినవారు తెరిచిన పోర్ట్‌లు అక్కడే ఉండిపోతాయి. ఇప్పుడు వాడనివన్నీ తీసేయవచ్చు.

పేరు, పాస్‌వర్డ్, ఖాతాలు

ఇక పెట్టెకు కరెంటు ఇచ్చి, అదే ఇంట్లోని కంప్యూటర్‌లో find.synology.com తెరిస్తే పెట్టె కనిపిస్తుంది. దాని సాఫ్ట్‌వేర్ డీఎస్ఎమ్‌ను ఇన్‌స్టాల్ చేయమంటుంది. అప్పటికి ఉన్న తాజా రూపాన్నే ఎక్కించాలి. పెట్టె దుకాణంలో ఎంతకాలం ఉందో తెలియదు, ఈలోగా ఎన్ని లోపాలు బయటపడి ఉంటాయో తెలియదు.

తర్వాత అడ్మినిస్ట్రేటర్ పేరు అడుగుతుంది. ఇంటిపేరు, వీధి పేరు, ఫోన్ నంబరు వదిలేసి, బయటివారికి తట్టని పేరు పెట్టడం మంచిది. పేరు రహస్యంగా ఉండటం పెద్ద రక్షణేమీ కాదు. కానీ ప్రయత్నించే ప్రోగ్రాంలన్నీ admin, root, user అనేవాటితోనే మొదలుపెడతాయి కాబట్టి వాటి శ్రమంతా వృథా అవుతుంది.

పాస్‌వర్డ్ దగ్గర మన ఇళ్లలో ఒక అలవాటు ఉంది. పెద్దక్షరం, చిన్నక్షరం, గుర్తు, అంకె అన్నీ ఉండాలని నిబంధన పెడితే పుట్టేది Lakshmi@123. నిబంధన నెరవేరింది, తెర మీద పచ్చగీత కూడా వచ్చింది. అయినా పేరు, ఆ తర్వాత @123 అనే పద్ధతి ఊహించే ప్రోగ్రాంలకు తెలియనిది కాదు. దానికంటే ఒకదానికొకటి సంబంధం లేని అయిదారు మాటలను ఇంగ్లిష్ అక్షరాల్లో వరుసగా రాసుకోవడం మెరుగు. మాటలను మనసులోంచి తీయకుండా నిఘంటువును అక్కడక్కడా తెరిచి, వేలు పడినదాన్ని తీసుకోవాలి. పాట పల్లవి, సామెత పనికిరావు, అవి ముందే వరుసలో ఉన్న మాటలు. ఈ పాస్‌వర్డ్ మరెక్కడా వాడకూడదు. కాగితం మీద రాసి బీరువాలో పెట్టుకోవడంలో తప్పు లేదు. ఇంటర్నెట్‌లో తిరిగే ప్రోగ్రాం బీరువా తెరవలేదు. పెట్టె మీదే అతికిస్తే మాత్రం రాసుకోకపోవడమే నయం.

తర్వాత సెటప్‌లో QuickConnect కావాలా అని అడుగుతుంది. బయటి నుంచి చూసుకునే సదుపాయం అది. ఇప్పటికి వద్దని దాటేయాలి. కావాలనుకుంటే తర్వాత తెలిసి తెరుచుకోవచ్చు.

లోపలికి వెళ్లాక Control Panel లో User & Group తెరిస్తే admin, guest అనే ఖాతాలు కనిపిస్తాయి. రెండింటి పక్కనా నిలిపివేసినట్టు ఉండాలి. అక్కడే అమ్మకు, నాన్నకు, కొడుక్కు ఒక్కో మామూలు ఖాతా తెరవాలి. అడ్మినిస్ట్రేటర్ పేరుతో రోజువారీ పని చేయకూడదన్నది ఇక్కడ అసలు సూత్రం. ఇంట్లోని విండోస్ కంప్యూటర్‌లో నాస్ ఫోల్డర్‌ను ఒక డ్రైవ్‌లా కలిపి పెట్టుకున్నప్పుడు, ఆ పాస్‌వర్డ్ అందులోనే నిలిచిపోతుంది. ఆ కంప్యూటర్‌కు రాన్సమ్‌వేర్ తగిలితే, ఆ ఖాతా దేన్ని మార్చగలదో దాన్నంతా అది పాడుచేయగలదు. నాన్న ఖాతాకు నాన్న ఫోల్డరే రాసే హక్కుతో ఉంటే నష్టం అక్కడితో ఆగుతుంది. పాత ఆల్బమ్‌ల ఫోల్డర్‌ను ఇంట్లో అందరికీ చదివే హక్కుతోనే ఇవ్వవచ్చు. వాటిని రోజూ మార్చేదేమీ లేదు కదా.

అడ్మినిస్ట్రేటర్ ఖాతాకు ఫోన్ యాప్‌లో వచ్చే ఆరంకెల కోడ్‌ను కూడా జతచేయాలి. ఆ కోడ్ సమయం మీద ఆధారపడుతుంది. పెట్టె గడియారం కొన్ని నిమిషాలు తప్పితే సరైన కోడ్ కూడా చెల్లదు. అందుకని ముందు Regional Options లో సమయాన్ని ఇంటర్నెట్ సర్వర్‌తో సరిచూసుకునేలా పెట్టి, ఆ తర్వాతే కోడ్ పెట్టుకోవాలి.

పెట్టెలోని యాప్‌ల సంగతి చాలామంది మరిచిపోతారు. పెట్టె తాళం మార్చినా, దాని మీద నడిచే ప్రతి ప్రోగ్రాంకూ సొంత లాగిన్ ఉండవచ్చు. టొరెంట్ల కోసం వాడే qBittorrent వెబ్ పేజీకి 2023 చివరిదాకా admin, adminadmin ఉండేది. ఇప్పుడు మొదటిసారి నడిచినప్పుడు తాత్కాలిక పాస్‌వర్డ్‌ను లాగ్‌లో రాస్తుంది. Nginx Proxy Manager ఎక్కువకాలం admin@example.com, changeme తో వచ్చింది. ఏ యాప్ ఎక్కించినా, ఆ వెంటనే దాని లాగిన్ కూడా మార్చడం సెటప్‌లో భాగమే.

వాడని దారులు

Control Panel లో Terminal & SNMP అనే చోట టెల్‌నెట్, ఎస్ఎస్‌హెచ్ ఉంటాయి. ఇవి పెట్టెకు అక్షరాల ఆదేశాలు ఇచ్చే దారులు. టెల్‌నెట్ పాస్‌వర్డ్‌ను దాచకుండా పంపుతుంది కాబట్టి దాన్ని తెరవాల్సిన అవసరం ఈ కాలంలో రాదు. ఎస్ఎస్‌హెచ్ భద్రమైనదే. అయినా ఆదేశాలు ఇచ్చే అలవాటు లేని ఇంట్లో దానితో పని లేదు. File Services లో విండోస్ వాడే SMB ఒక్కటి చాలు. FTP, rsync వంటివి వాడకపోతే ఆపి ఉంచాలి. External Access లో DDNS, Router Configuration రెండూ ఖాళీగా ఉన్నాయో లేదో చూడాలి. రెండోదానిలో ఏదైనా వరుస ఉంటే, ఆ పోర్ట్‌ను తెరవమని పెట్టె రూటర్‌ను అడుగుతోందన్నమాట.

Security లో Auto Block అనే అమరిక ఉంటుంది. అయిదు నిమిషాల్లో పదిసార్లు తప్పు పాస్‌వర్డ్ కొట్టిన చిరునామాను ఆపేయడం దాని మామూలు లెక్క. అది ఆన్‌లో ఉండాలి, కానీ దాని మీద బరువంతా పెట్టకూడదు. స్టెల్త్‌వర్కర్ లాంటి దాడిలో వేల పరికరాలు ఒక్కోటి రెండు మూడుసార్లే ప్రయత్నిస్తే, ఏ ఒక్కటీ పది దాటదు.

మరి డాలస్‌లోని కొడుకు ఎలా చూడాలి? రూటర్‌లో 5000, 5001 పోర్ట్‌లు తెరిచి లాగిన్ పేజీని బయటపెట్టడం అన్నిటికంటే తేలిక, అన్నిటికంటే చెడ్డ దారి. QuickConnect లో పోర్ట్ తెరవనక్కర్లేదు. కంపెనీ సర్వర్లు మధ్యలో ఉండి కలుపుతాయి. అయితే ఆ ఐడీ తెలిసినవారికి, ఊహించినవారికి లాగిన్ పేజీ కనిపిస్తుంది. ఇంటిపేరును ఐడీగా పెడితే ఊహించడం కష్టం కాదు. ఈ ఇంటికి తగినది టెయిల్‌స్కేల్ లాంటి వీపీఎన్. సైనాలజీ Package Center లోనే దొరుకుతుంది. పెట్టెలోనూ కొడుకు ల్యాప్‌టాప్‌లోనూ ఒకే ఖాతా కింద పెట్టుకుంటే, ఆ రెంటికీ మధ్యనే దారి ఏర్పడుతుంది. మూడోవారికి లాగిన్ పేజీ కూడా కనిపించదు. పెట్టెలో రేపు ఏదైనా లోపం బయటపడినా, దాన్ని తాకడానికి ముందు ఆ వీపీఎన్ దాటాలి. ఒక్క షరతు: ఇప్పుడు ఆ వీపీఎన్ ఖాతా పాస్‌వర్డే ఇంటి తలుపు, దానికీ రెండో కోడ్ పెట్టాల్సిందే.

మూసినవి నిజంగా మూసుకున్నాయా

ఇది ఇంట్లో కూర్చుని, ఇంటి వైఫైలో ఉండి తేల్చే విషయం కాదు. కొన్ని రూటర్లు ఇంటి లోపలి నుంచి తమ పబ్లిక్ చిరునామాకు వెళ్తే దారి తిప్పి లోపలికే పంపుతాయి, కొన్ని పంపవు. ఎలా చూసినా ఫలితం మోసం చేయవచ్చు. ఫోన్‌లో వైఫై ఆపి, మొబైల్ డేటా మీద చూడాలి.

ముందు రూటర్ పేజీలో WAN చిరునామా రాసుకోవాలి. అది 100.64 నుంచి 100.127 మధ్య గానీ, 10 తో గానీ మొదలైతే, కంపెనీ ఒకే పబ్లిక్ చిరునామాను చాలా ఇళ్లకు పంచుతోందని అర్థం. మన దేశంలో ఇది చాలాచోట్ల మామూలు. అలాంటి ఇంటికి ఐపీవీ4 ద్వారా బయటివారు నేరుగా రాలేరు. అలా కాకుండా 203.0.113.25 లాంటి పబ్లిక్ చిరునామా ఉంటే, ఫోన్ బ్రౌజర్‌లో ఇవి ఒక్కొక్కటిగా కొట్టాలి:

```
http://203.0.113.25
http://203.0.113.25:5000
https://203.0.113.25:5001
```

పేజీ తిరిగి తిరిగి చివరికి అందలేదని చెబితే మూసినట్టు. నాస్ లాగిన్ పేజీ వస్తే పోర్ట్ ఇంకా తెరిచే ఉంది. మొదటిదానిలో రూటర్ లాగిన్ పేజీయే వస్తే, రూటర్‌లో రిమోట్ మేనేజ్‌మెంట్ ఆన్‌లో ఉంది, దాన్నీ ఆపాలి.

ఐపీవీ4 పంచుకునే ఇళ్లలో ఐపీవీ6 సంగతి మరవకూడదు. దానిలో ఇంట్లోని ప్రతి పరికరానికీ ప్రపంచమంతటా చెల్లే చిరునామా వస్తుంది. పంపకం అడ్డు ఉండదు, రూటర్ ఫైర్‌వాల్ ఒక్కటే రక్షణ. నాస్ నెట్‌వర్క్ పేజీలో 2 తో మొదలయ్యే పొడవైన చిరునామా కనిపిస్తే, దాన్ని చదరపు కుండలీకరణాల్లో పెట్టి, చివర :5000 చేర్చి అదే ఫోన్ నుంచి పరీక్షించాలి. ఫోన్‌లో మొబైల్ డేటాకు కూడా ఐపీవీ6 ఉంటేనే ఈ పరీక్ష చెల్లుతుంది. పేజీ తెరుచుకుంటే రూటర్‌లో ఐపీవీ6 ఫైర్‌వాల్ ఆన్ చేయాలి.

వారం తర్వాత Log Center లో లాగిన్ల జాబితా చూడాలి. ఇంటి నెట్‌వర్క్ వారివి 192.168 తో మొదలవుతాయి, టెయిల్‌స్కేల్ ద్వారా వచ్చే కొడుకుది వేరేగా కనిపించవచ్చు. వీటికి సంబంధం లేని చిరునామాల నుంచి admin, root పేర్లతో విఫలమైన వరుసలు పదే పదే కనిపిస్తే, ఇల్లు ఎక్కడో బయటికి తెరిచే ఉంది. ఆ ప్రయత్నాలు విఫలమయ్యాయి కదా అని ఊరుకోకూడదు. ఆ వరుస అసలు పుట్టకూడదు.

బోర్డు మీద కట్టిన సర్వర్

రాస్‌బెర్రీ పై మీద పాత కార్డుతో నడుస్తున్న సర్వర్లలో pi ఖాతా ఇంకా ఉండవచ్చు. అక్కడ ముందు కొత్త ఖాతా తెరిచి, దానికి అధికారం ఇవ్వాలి. పాత కిటికీ మూయకుండానే మరో కిటికీలో కొత్త పేరుతో లాగిన్ అయి, sudo పనిచేస్తోందని చూసుకున్నాకే పాతదాన్ని మూయాలి. ఈ వరుస తప్పితే యజమానే బయట ఉండిపోతాడు.

```
sudo adduser godavari
sudo usermod -aG sudo godavari
sudo passwd -l pi
sudo ss -tlnp
```

మూడో ఆదేశం పాస్‌వర్డ్‌ను మాత్రమే తాళం వేస్తుంది. pi పేరుతో ఎస్ఎస్‌హెచ్ కీ ఫైలు ఉంటే దానితో ఇంకా లోపలికి రావచ్చు. ఆ ఖాతాతో నడిచే పనులేవీ లేవని తేలాక దాన్ని పూర్తిగా తొలగించడమే శుభ్రం. నాలుగోది తెరిచి ఉన్న పోర్ట్‌ల జాబితా ఇస్తుంది. 127.0.0.1 అని ఉన్నవి ఆ బోర్డు లోపలికే. 0.0.0.0, [::], * అని ఉన్నవి నెట్‌వర్క్‌కు తెరిచినవి. రెండో రకంలో పేరు తెలియని ప్రోగ్రాం ఏదైనా ఉంటే, అదేమిటో తెలుసుకునేదాకా ఆపి ఉంచాలి.

చట్టాలు కొన్నిచోట్ల కదిలాయి. 2020 జనవరి 1 నుంచి కాలిఫోర్నియాలో, 2024 ఏప్రిల్ 29 నుంచి బ్రిటన్‌లో, ఇంటర్నెట్‌కు కలిసే పరికరాలన్నిటికీ ఒకే ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ పెట్టి అమ్మడం కుదరదు. సెకండ్‌హ్యాండ్‌లో కొన్న పాత పెట్టెకు ఇవి వర్తించవు. దాన్ని ముందు పూర్తిగా చెరిపి, మళ్లీ మొదటి నుంచి సెటప్ చేయాలి. లేదంటే పాత యజమాని ఖాతా అందులో మిగిలిపోవచ్చు.

కొత్త పెట్టెలోనూ చేసిన పని చెరిగిపోయే సందర్భాలు రెండున్నాయి. సైనాలజీ వెనక ఉన్న రీసెట్ రంధ్రంలో పిన్నుతో బీప్ వచ్చేదాకా, దాదాపు నాలుగు సెకన్లు నొక్కితే ఫైళ్లు అలాగే ఉంటాయి గానీ, admin ఖాతా మేల్కొంటుంది, నెట్‌వర్క్ అమరికలు ఫ్యాక్టరీ స్థితికి వెళ్తాయి. పాస్‌వర్డ్ మరిచిపోయి రీసెట్ చేసిన ఇంట్లో admin ను మళ్లీ నిలిపివేయాలి. రెండోది రూటర్ మార్పు. బ్రాడ్‌బ్యాండ్ మనిషి వచ్చి పాతది తీసి కొత్తది పెట్టి వెళ్లిన రోజున అడ్మిన్ పాస్‌వర్డ్ మళ్లీ స్టిక్కర్ మీదిదే, UPnP మళ్లీ ఆన్‌లోనే ఉండవచ్చు. అతను గేటు దాటగానే 192.168.1.1 తెరిచి ఆ రెండూ మార్చండి, ఆపైన ఫోన్‌లో వైఫై ఆపి 5000 పోర్ట్‌ను ఇంకోసారి తట్టి చూడండి.